అరైవల్స్ గేటు నుంచి ఇంటి గడప దాకా

(బెంగళూరులో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ ఊళ్ళో ఉండే తెలుగువాళ్ళకు దేవనహళ్ళి ఎయిర్‌పోర్టు దారి కొత్తదేం కాదు. కె.ఆర్.పురం, మారతహళ్ళి, యలహంకల్లో ఉన్నవాళ్ళే కాదు, అనంతపురం, పెనుకొండ, హిందూపురం వాళ్ళు కూడా బయటి దేశాల నుంచి వచ్చే తమవాళ్ళ కోసం ఇక్కడికే వస్తారు. ఏటేటా వచ్చిపోయేవాళ్ళకు మనం పెద్దగా చేయాల్సిందేమీ ఉండదు, వాళ్ళే క్యాబ్ పట్టుకుని ఇల్లు చేరతారు. ఇవాళ చెప్పబోయేది ఆరేడేళ్ళుగా రాలేక, ఇప్పుడు వస్తున్నవాళ్ళ గురించి. వాళ్ళు దిగింది మొదలు ఇంట్లో అడుగుపెట్టేదాకా ఉండే మూడు గంటల గురించి.

ఊరికే చెబితే మనసులో నిలవదు కాబట్టి ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. కె.ఆర్.పురంలో తల్లి, చిన్నకొడుకు, చిన్నకోడలు ఉంటున్నారు. పెద్దకొడుకు డాలస్ నుంచి ఏడేళ్ళ తర్వాత వస్తున్నాడు. భార్య, పదేళ్ళ కూతురు, ఐదేళ్ళ కొడుకు వెంట ఉన్నారు. ఆ బాబు అక్కడే పుట్టాడు, ఈ ఊరు ఇంకా చూడలేదు. రెండేళ్ళ కింద తండ్రి పోయాడు, పెద్దకొడుకు రాలేకపోయాడు. విమానం జూన్ 15న రాత్రి 1:40కి దిగుతుంది.

మొదటి పొరపాటు ఈ తేదీ దగ్గరే జరుగుతుంది. మన లెక్కలో తెల్లారేదాకా 14వ తేదీ రాత్రే. టికెట్టు లెక్కలో పన్నెండు దాటిందంటే 15. '15 రాత్రి' అని విన్నవాళ్ళు 15న రాత్రి అన్నం తిని బయలుదేరతారు. అప్పటికి వచ్చినవాళ్ళు దిగి ఇరవై గంటలు దాటిపోయి ఉంటుంది. కాబట్టి ఫోన్లో తేదీ చెప్పుకునేటప్పుడు వారాన్ని కూడా కలిపి చెప్పుకోవాలి. 'ఆదివారం రాత్రి పడుకోకుండా బయలుదేరతాం, సోమవారం తెల్లారేసరికి మీరు ఇంట్లో ఉంటారు' అంటే ఎవరికీ అనుమానం మిగలదు.

రెండోది చోటు. వచ్చే మనిషి ఏడేళ్ళ కింద మీ దగ్గర సెలవు తీసుకుంది టెర్మినల్ 1 దగ్గర. 2023 సెప్టెంబరు 12 నుంచి అంతర్జాతీయ విమానాలన్నీ టెర్మినల్ 2కు మారాయి. 'అప్పుడు నన్ను దింపిన చోటే కలుద్దాంలే' అని వాళ్ళనడం, 'సరే' అని మీరనడం జరిగిందంటే ఇద్దరూ చెరోచోట నిలబడతారు. ఇంకో చిక్కు ఉంది. వాళ్ళ అమెరికా ఫోను ఇక్కడ పనిచేయకపోవచ్చు. వైఫై పెట్టుకుందామంటే ఓటీపీ అడుగుతుంది, ఆ ఓటీపీ ఎప్పుడో వదిలేసిన పాత నంబరుకు పోతుంది. అందుకని ముందే ఒక మాట అనుకోవాలి. వాళ్ళు తలుపు దాటి బయటికి రాగానే, దారికి అడ్డం లేకుండా పక్కకు జరిగి ఆగిపోవాలి. ఎంతసేపైనా అక్కణ్ణించి కదలకూడదు. వెతికే పని మనది. ఇద్దరూ వెతకడం మొదలుపెడితే ఒకరినొకరు దాటుకుంటూ అరగంట గడిచిపోతుంది.

మీ ఇంటి చిరునామా పిన్‌కోడుతో సహా, మీ ఫోను నంబరు కాగితం మీద రాసి వాళ్ళ దగ్గర ఉంచుకోమనండి. ఫోనులో ఉందిలే అనుకోవద్దు, ఛార్జింగు అయిపోతే అందులో ఉన్నదేదీ కనబడదు. ఏదైనా పెట్టె రాకపోతే లోపల విమానసంస్థ కౌంటర్లో రాసివ్వాల్సిన ఫిర్యాదులో మొదట అడిగేవి ఈ రెండే, ఇక్కడి చిరునామా, ఇక్కడి నంబరు. ఆ ఫిర్యాదు కస్టమ్స్ దాటి బయటికి రాకముందే ఇవ్వాలి. ఒకసారి బయటికి వచ్చాక మళ్ళీ లోపలికి పోవడం అంత తేలిక కాదు.

ఇక మనం ఎప్పుడు బయలుదేరాలి? ఫ్లైట్ ట్రాకర్‌లో 'ల్యాండెడ్' అని పడగానే చాలామంది గేటు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడతారు. అక్కణ్ణించి గంట, గంటన్నర అదే నిలబడడం. లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఆ కంగారు ఉండదు. విమానం నేలమీద దిగి గేటుకు చేరడానికి పది పదిహేను నిమిషాలు. పెద్ద విమానం, వెనక వరుస, పిల్లలు అంటే దిగడానికి ఇంకో పదిహేను. తర్వాత ఇమిగ్రేషన్. నలుగురి పాస్‌పోర్టులు, పిల్లల ఓసీఐ కార్డులు చూస్తారు. అర్ధరాత్రి దాటాక ఒకదాని వెనక ఒకటి పెద్ద విమానాలు దిగిన రోజు వరుస పొడుగ్గా ఉంటుంది. ఆ తర్వాత పెట్టెలు. అంటే 1:40కి దిగిన కుటుంబం మామూలుగా 2:40, 3 గంటల మధ్య బయటపడుతుంది. పెట్టె తప్పిపోతే ఇంకో అరగంట పైమాటే. కె.ఆర్.పురం నుంచి రాత్రిపూట గంట ప్రయాణం. ఒంటిగంటకు బయలుదేరితే సరిపోతుంది. బయలుదేరే ముందు ట్రాకర్ ఇంకోసారి చూసుకోండి, విమానం ఆలస్యమైతే మీరు కూడా ఇంకాసేపు పడుకోవచ్చు.

ఎంతమంది వెళ్ళాలి అన్నది ప్రేమను బట్టి కాదు, పెట్టెలను బట్టి తేల్చుకోవాలి. అమెరికా టికెట్టు మీద సాధారణంగా మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు తెచ్చుకోవచ్చు. ఏడేళ్ళ తర్వాత వస్తున్నవాళ్ళు ఒక్క కిలో కూడా వదలరు. నలుగురికి ఎనిమిది పెట్టెలు, పైన నాలుగు చేతి సంచులు. ఇన్నోవాలో వెనక సీట్లు మడిచినా ఎనిమిది పెద్ద పెట్టెలు కుదురుగా పట్టవు. సీట్లు మడవకపోతే రెండు పట్టడం కూడా కష్టమే. పైన క్యారియర్ ఉన్న బండి కావాలి, లేదా రెండు బండ్లు కావాలి. జూన్ నెల, వాన ఎప్పుడైనా పడొచ్చు. క్యారియర్ మీద వేసేటట్టయితే టార్పాలిన్, తాడు ముందే బండిలో పెట్టించండి. తెల్లవారుజామున మూడింటికి తాడు కోసం ఎక్కడ వెతుకుతాం? ఎనిమిది మంది చుట్టాలు ఒక బండిలో వెళ్ళి, తిరిగివచ్చేటప్పుడు వచ్చినవాళ్ళను ఒక క్యాబ్‌లో ఎక్కించి, తాము ఇంకో క్యాబ్‌లో రావడం కొన్ని ఇళ్ళల్లో జరుగుతుంది. ఏడేళ్ళ తర్వాత వచ్చినవాళ్ళు ముక్కూ మొహం తెలియని డ్రైవరుతో ఇంటికి రావడమేమిటి?

మన కుటుంబం విషయంలో ఒకరు వెళితే చాలు, ఆ ఒకరు తమ్ముడు. 'తల్లి కూడా వెళ్ళొద్దా?' అని మీలో చాలామందికి అనిపిస్తుందని తెలుసు. ఆమెకు ఓపిక ఉండి, మోకాళ్ళు బాగుండి, మధ్యలో ఏ విషాదమూ జరగకపోయి ఉంటే తప్పకుండా తీసుకెళ్ళండి. ఇక్కడ పరిస్థితి వేరు. తండ్రి పోయాక తల్లీ కొడుకూ మొదటిసారి కలుసుకోబోతున్నారు. వాళ్ళు ఏడవాలి. ట్రాలీలు తోసుకుపోయే జనం మధ్య, పక్కనెవరో పూలగుత్తితో ఫోటోలు దిగుతుంటే ఆ ఏడుపు సగంలో ఆగిపోతుంది. ఇంటి తలుపు వెనక అయితే ఎవరూ ఆపరు.

ఇప్పుడు గేటు దగ్గర. మనిషి కనబడగానే ఏమనాలి? 'వచ్చావా అన్నా' అంటే చాలు. మన తెలుగులో అంతకన్నా నిండైన మాట నాకు తెలియదు. చిన్నవాడు కాబట్టి అన్న కాళ్ళకు దండం పెడతాడు, అన్న లేవనెత్తుతాడు, అక్కడితో సగం బరువు దిగుతుంది. 'వదినా, బాగున్నారా, ఈ ట్రాలీ ఇట్లా ఇవ్వండి' అని చేతిలోది అందుకోవాలి. ఇరవై నాలుగు గంటలకు పైగా పిల్లలను పట్టుకుని కూర్చున్న మనిషికి మొదట కావాల్సింది ఖాళీ చేతులు.

అనకూడని మాటలు కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అవన్నీ ప్రేమతోనే నోరు జారి వస్తాయి. 'ఏందన్నా ఇంత లావైపోయినావు', 'జుట్టంతా ఏమైంది', 'వదినా, చిక్కిపోయారే' అంటాం. మనం ఏడేళ్ళ కిందటి మనిషితో పోల్చి చూస్తున్నాం. వాళ్ళు ఒక పగలూ ఒక రాత్రీ నిద్రలేని మొహంతో నిలబడి ఉన్నారు. అంతకన్నా గట్టిగా తగిలేది 'ఎన్నాళ్ళుంటారు?' అన్నది. కొన్ని ఇళ్ళల్లో మొదటి ప్రశ్నే ఇది. కార్యక్రమాలు, ప్రయాణాలు కుదుర్చుకోవడానికే అడుగుతాం, నిజమే. కానీ వినేవాళ్ళకు అది పోయే రోజును లెక్కపెట్టడంలా ఉంటుంది. తిరుగు టికెట్టు తేదీ కావాలంటే వారం ముందే వాట్సాప్‌లో అడిగి తెలుసుకోండి.

ఐదేళ్ళ బాబు దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. వాడికి చిన్నాన్న అంటే ఫోను తెరలో అరచేయంత మొహం. ఇప్పుడు ఎదురుగా ఆరడుగుల మనిషి చేతులు చాపి మీదికి వస్తున్నాడు. వాడు అమ్మ వెనక దాక్కుంటాడు, మనం 'నన్ను గుర్తుపట్టలేదా!' అని చిన్నబుచ్చుకుంటాం, తల్లిదండ్రులు ఇబ్బందిపడి వాణ్ణి ముందుకు తోస్తారు, వాడు ఏడుపు అందుకుంటాడు. ఇదంతా తప్పించుకోవచ్చు. ఎత్తుకోవద్దు, బుగ్గలు గిల్లొద్దు. వాడి ఎత్తుకు మోకాళ్ళ మీద కూర్చుని, ఫోన్లో రోజూ పిలిచే ముద్దుపేరుతోనే పిలవండి. మొహం మారినా గొంతు మారదు, వాళ్ళు గుర్తుపట్టేది గొంతునే. చేతికి ఒక చిన్న నీళ్ళ సీసా ఇచ్చి, మూత తిప్పి పెట్టండి. తర్వాత లేచి పెట్టెల పని చూసుకోండి. బండి ఎక్కేలోపు వాడే మీ పక్కకు వస్తాడు. రాకపోయినా ఏం కాదు, రేపు వస్తాడు.

బండి బయలుదేరింది. నా దృష్టిలో ఈ గంట చాలా విలువైనది, చాలామంది చేతులారా పోగొట్టుకునేది కూడా ఇదే. ఎక్కగానే పొలం తగాదా, మేనమామ ఇంటి పెళ్ళి, అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు అన్నీ మొదలవుతాయి. మొదటి అరగంట వాళ్ళను కిటికీ చూడనివ్వండి. హెబ్బాళ దాటి రింగురోడ్డు ఎక్కాక మెట్రో స్తంభాలు చూసి 'ఇవన్నీ ఎప్పుడొచ్చాయిరా' అని వాళ్ళే అడుగుతారు.

కె.ఆర్.పురం తీగల వంతెన రాకముందే తమ్ముడు మూడు సంగతులు చెప్పి తీరాలి. ఎందుకు చెప్పాలో వినండి. వారం వారం వీడియో కాల్ చేసే కొడుక్కి తల్లి గురించి అంతా తెలుసనుకుంటాం. అతనికి తెలిసింది ఆమె మొహం ఒక్కటే. ఫోనులో నడక కనబడదు, నడుము వంగింది కనబడదు, గ్లాసు పట్టుకున్నప్పుడు వణికే చేయి కనబడదు. పైగా కొడుకు ఫోను అంటే ఆమె జుట్టు దువ్వుకుని, గోడకు ఆనుకుని, గొంతు పెంచి మాట్లాడుతుంది. తలుపు తీసేసరికి కర్ర పట్టుకున్న ముసలామె ఎదురైతే అతని మొహంలో ఆ అదురుపాటు ఆమె చూస్తుంది. ఆమెకు తగిలే దెబ్బ అదే.

అందుకని బండిలో, వదిన వింటుండగా, మెల్లగా ఇట్లా చెప్పాలి. 'అన్నా, అమ్మ ఇప్పుడు చేతికర్రతో నడుస్తోంది. నొప్పి ఎక్కువేం లేదు, పడతానని భయం. ఎడమ చెవి సరిగా వినబడదు, కుడివైపు కూర్చుని మాట్లాడు.' ఆ తర్వాత: 'నాన్న మంచం తీసేశాం. ఆ గదిలోనే నువ్వూ వదినా పడుకునేది. వద్దనిపిస్తే ఇప్పుడే చెప్పు, మా గది ఇస్తాం.' ఇక మూడోది: 'నాన్న ఫోటో హాల్లో, తలుపు తీయగానే ఎదురుగోడకు ఉంది. దండ వేసి ఉంది.' అంతే. ఈ మూడో మాట చెప్పకపోతే ఏమవుతుందో ఆలోచించండి. తండ్రి పోయాడని తెలుసు, కర్మకాండంతా వీడియోలో చూశాడు. అయినా ఆ ఇంట్లో ఆయనను దండతో చూడడం ఇదే మొదలు. చెప్పులు విప్పుతూ తలెత్తేసరికి అది కనబడితే మనిషి అక్కడే కూలబడతాడు. ముందే తెలిస్తే నేరుగా వెళ్ళి దండం పెట్టుకుంటాడు.

'నాన్న ఉంటే ఎంత సంతోషపడేవాడో' అన్న మాట తమ్ముడి గొంతులో ఆడుతుంటుంది. అది తల్లి అనాల్సిన మాట, ఆమెకు వదిలేయండి. అలాగే 'నువ్వు రాలేకపోయావు కదా' అన్నది ఏ రూపంలోనూ అనవద్దు, ఓదార్పుగా కూడా అనవద్దు. అతనే ఆ మాట ఎత్తితే, చివరి రోజుల్లో తండ్రి అతని గురించి ఏమన్నాడో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. లేనిది కల్పించవద్దు. పదేళ్ళయినా అతను దాన్ని మననం చేసుకుంటూ ఉంటాడు.

ఇప్పుడు గడప. ఎర్రనీళ్ళు ఎవరు తియ్యాలన్న ప్రశ్న ఈ ఇంట్లో తప్పక వస్తుంది. ముత్తైదువే తియ్యాలని చిన్నకోడలిని ముందు నిలబెట్టి, తల్లిని వెనక గదిలోకి పొమ్మనే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. నా మాట సూటిగా చెబుతాను, కన్న కొడుక్కి దిష్టి తీసే హక్కు తల్లిది. ఆమె మనసులోనే సంకోచం ఉంటే అత్తాకోడళ్ళు ఇద్దరూ కలిసి పళ్ళెం పట్టుకోండి. కానీ ఈ సంగతి రెండు రోజుల ముందే ఇంట్లో మాట్లాడుకుని తేల్చుకోవాలి. గడప దగ్గర వాదన జరిగిందంటే ఎవరు తీసినా ఆమె మనసు నొచ్చుకున్నట్టే.

ఎర్రనీళ్ళు కలపడంలో తెల్లవారుజామున కంగారుపడేవాళ్ళు ఉంటారు కాబట్టి అదీ చెబుతాను. వెడల్పాటి పళ్ళెంలో రెండు గ్లాసుల నీళ్ళు, అర చెంచా పసుపు, తాంబూలంలో వేసే తడి సున్నం శెనగగింజంత. వేలితో కలుపుతుంటే పసుప్పచ్చ చూస్తుండగానే ఎరుపెక్కుతుంది. పసుపుకు సున్నపు ఘాటు తగిలితేనే ఆ రంగు వస్తుంది. ఎర్రబడలేదంటే సున్నం పాతబడిందని అర్థం. డబ్బీలో ఎండిపోయిన సున్నం గాలి పీల్చి సుద్దలా మారిపోతుంది, ఎంత వేసినా రంగు రాదు. డబ్బీలో సున్నం మీద ఎప్పుడూ నాలుగు చుక్కల నీళ్ళు నిలిచేట్టు చూసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. ఎక్కువ సున్నం మాత్రం వెయ్యకండి. పిల్లలు పళ్ళెంలో వేలు పెట్టి కళ్ళు నలుపుకుంటే మండిపోతుంది. తమలపాకు మీద కర్పూరం వెలిగించేది తలుపు బయటే. బాబు భుజం మీద నిద్రపోతుంటే లేపకుండా అట్లాగే తియ్యండి. నీళ్ళు కింద ఎవరూ తొక్కని చోట పోసి రండి, లిఫ్టు ముందు పొయ్యకండి, టైల్సు మీద మరకవుతుంది.

ఇక లోపలికి వచ్చాక ఏం పెట్టాలో గడియారమే చెబుతుంది. జూన్‌లో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక ఉంటుంది. విమానం దిగిన 1:40 వాళ్ళ ఒంటికి ముందురోజు మధ్యాహ్నం 3:10. ఇల్లు చేరేసరికి మనకు తెల్లవారుజాము 4:15, వాళ్ళకు సాయంత్రం 5:45. అంటే అలసిపోయి ఉన్నా నిద్ర రాదు, ఆకలి వేస్తుంది. 'అలసిపోయారు, పడుకోండి' అని దీపం ఆర్పేస్తే చీకట్లో దొర్లుతూ ఉంటారు. వేడి నీళ్ళు సిద్ధంగా ఉంచండి, స్నానం చేశాక చారన్నం, పెరుగన్నం పెట్టండి. కాచి చల్లార్చిన నీళ్ళు ఇవ్వండి. ఓళిగలు, వేపుళ్ళు ఎల్లుండికి. ఒకరోజంతా కూర్చుని వచ్చారు కాబట్టి రెండు పాదాలూ కొంచెం వాచి ఉండడం మామూలే, కాళ్ళు ఎత్తు మీద పెట్టుకుంటే తగ్గుతుంది. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిపెడుతుంటే, లేదా ఊపిరి ఆడనట్టు ఉంటే మాత్రం ప్రయాణబడలిక అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కాలి నరంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

డాలస్‌లో రాత్రి పది అయ్యేది మనకు పొద్దున 8:30కి. సరిగ్గా వాళ్ళకు గాఢనిద్ర పట్టే వేళకే మన చుట్టాలు పండ్లు, పూలు పట్టుకుని దిగుతారు. 'చూసి పోదామని వచ్చాం, లేపొద్దులే' అంటూ గంట కూర్చుంటారు. వాళ్ళకు ముందురోజే ఫోన్ చేసి 'సాయంత్రం ఐదుకు రండి' అని చెప్పే పని చిన్నకోడలు పెట్టుకోవాలి. పన్నెండున్నర, ఒంటిగంటకు తలుపులు, కిటికీలు తెరిచి వాళ్ళను లేపేయండి. జాలిపడి సాయంత్రం దాకా పడుకోనిస్తే ఆ రాత్రంతా జాగారమే.

ఎంత చేసినా మొదటి నాలుగైదు రాత్రులు పిల్లలు రెండింటికి లేచి కూర్చుంటారు. ఒళ్ళు రోజుకు సుమారు గంట చొప్పున మాత్రమే సర్దుకుంటుంది. తిట్టి పడుకోబెట్టడం వల్ల ఉపయోగం లేదు. వంటింట్లో చిన్న దీపం ఒకటి ఉంచి, గిన్నెలో ఉగ్గాణి గానీ రెండు అరటిపండ్లు గానీ మూతపెట్టి ఉంచండి. ఇంట్లో ఆ వేళకు నిద్రపట్టని మనిషి ఇంకొకరు ఉంటారు. బాబును ఆమె కుడివైపు కూర్చోబెట్టి, మీరు వెళ్ళి పడుకోండి.